అర్థము చెడకుండ వాక్యసంస్కారము : ఒక విద్యార్థిని పేరాను రెండుసార్లు దిద్దిన వృత్తాంతము

ప్రాచ్యకళాశాలలలో లఘుసిద్ధాంతవ్యాసములను దిద్దు అధ్యాపకులకు ఒక విధమైన పేరా నిత్యపరిచితము. అందు విషయముండును. విద్యార్థి గ్రంథము చదివినట్లు స్పష్టముగా తెలియుచుండును. కాని వాక్యములు ముక్కలు ముక్కలుగా నుండును. ముందు చెప్పవలసినది వెనుకకును, వెనుక చెప్పవలసినది ముందునకును పోయియుండును. నోటిమాట యథాతథముగ కాగితమున కెక్కియుండును. అట్టి పేరాను శాస్త్రవ్యాసమునకు తగినట్లు దిద్దుమని విద్యార్థి మన చేతికిచ్చినపుడు మనలో అనేకులము సులభమైన త్రోవనే పట్టుదుము. చిన్నమాటను తీసి పెద్దమాటను వేయుదుము. మూడు వాక్యములను ఒక దీర్ఘసమాసమున ఇముడ్చుదుము. పేరా గంభీరముగనే కనబడును. అర్థము మాత్రము మారిపోవును. ఈ తప్పు నేనును చేసితిని. దాని వలన తెలిసికొన్నదానిని, ఆ ఒక్క పేరానే ఉదాహరణముగా గైకొని, ఇందు వివరించెదను.

రఘువంశవ్యాఖ్యను గూర్చి లఘుసిద్ధాంతవ్యాసము వ్రాయుచున్న ఒక విద్యార్థిని నాకు చూపిన పేరా యిది:

"మల్లినాథసూరి చాలా గొప్ప వ్యాఖ్యాత. ఆయన రఘువంశానికి సంజీవని అనే వ్యాఖ్య రాశారు. అందులో ఆయన శ్లోకంలో ఉన్న పదాలను ఊరికే వరుసగా చెప్పుకుంటూ పోలేదు. అన్వయం ప్రకారం చెప్పారు. దానివల్ల విద్యార్థులకు సులువుగా అర్థమవుతుంది. ఇంకా ఆయన అమరకోశం నుండి, పాణిని సూత్రాల నుండి కూడా చెప్తారు. ఇవి ఎందుకు చెప్తారంటే తాను చెప్పిన అర్థానికి ఆధారం కోసం. కాని అన్ని పదాలకూ చెప్పరు. అవసరం ఉన్నచోటే చెప్తారు. అందుకే ఆయన వ్యాఖ్య మరీ పెద్దగా ఉండదు. అందుకే పాఠశాలల్లో దాన్నే ఎక్కువగా చదువుతారని నాకు అనిపిస్తుంది."

దీనిని నేను పది నిమిషములలో ఇట్లు దిద్దితిని:

"వ్యాఖ్యాతృశిరోమణి, సకలశాస్త్రపారావారపారీణుడు అయిన మల్లినాథసూరి విరచించిన సంజీవనీవ్యాఖ్యానం నిఖిలవ్యాఖ్యానమూర్ధన్యమై, అన్వయప్రక్రియాపురస్సరంగా ప్రతిపదార్థావిష్కరణం చేస్తూ, కోశవ్యాకరణాది ప్రమాణపరంపరతో పరిపుష్టమై, సంక్షిప్తతాగుణవిశిష్టమై ఉన్నందున పాఠశాలలలో ఏకైక పఠనీయగ్రంథంగా విరాజిల్లుతున్నది."

ఆ అమ్మాయి దీనిని అట్లే ఎత్తి వ్రాసికొనినది. మౌఖికపరీక్షకు వచ్చిన పరీక్షకులు ఈ వాక్యముకడ ఆగి, "ఏమ్మా, ఏకైక పఠనీయగ్రంథం అన్నావు. రఘువంశానికి వల్లభదేవుడి వ్యాఖ్య కూడా ఉంది కదా, దాన్ని ఎవరూ చదవరని నీకెలా తెలిసింది?" అని యడిగిరి. ఆమె తలవంచుకొని కూర్చున్నది. "గురువుగారు వేసిన మాటండీ" అని అనవచ్చును, అనలేదు. తాను వ్రాసిన పేరాలో "ఏకైక" అను మాటయే లేదు. ఆమె చదివినదానికి ఆమె చెప్పగలిగిన సమాధానమున్నది. నేను వ్రాసినదానికి మాత్రము ఆమెకడ సమాధానము లేదు. వ్యాసమును సవరించి తిరిగి సమర్పింపుడని పరీక్షకులు వ్రాసి వెళ్లిరి. మరునాడు ఆమెను పిలిచి, మొదటి పేరాను మరల ముందుంచుకొని, ఇద్దరమును కూర్చుండి క్రొత్తగా దిద్దితిమి. ఆ రెండవ సవరణ జరిగిన క్రమమే ఈ వ్యాసమునకు విషయము.

మొదట కొలబద్ద యేదో నిర్ణయించుకొనవలెను. కౌటిలీయార్థశాస్త్రమున రెండవ అధికరణము పదవ అధ్యాయమైన శాసనాధికారమున లేఖకు ఆరు గుణములు చెప్పబడినవి: అర్థక్రమము, సంబంధము, పరిపూర్ణత, మాధుర్యము, ఔదార్యము, స్పష్టత్వము. ఇవి రాజశాసనములకై చెప్పినవే యైనను, అలంకారశాస్త్రమునందలి కావ్యగుణములకంటె మన పనికి ఎక్కువ దగ్గరగా నున్నవి. శాసనమును చదువువాడు దానిని బట్టి పని చేయవలెను. కావున అందు అర్థము మారరాదు. ఇందు చివరి రెండు గుణములను కలిపి చూడవలెను. గ్రామ్యము కాని మాటలను వాడుట ఔదార్యము. అందరెరిగిన మాటలను వాడుట స్పష్టత్వము. శాస్త్రవ్యాసభాష ఈ రెండు గట్టుల నడుమ ప్రవహింపవలెను. నా మొదటి సవరణ గ్రామ్యతను తప్పించుకొనబోయి రెండవ గట్టును తెంచినది.

మొదటి పని మాటలను ముట్టకుండ అర్థములను విడదీయుట. పేరాలో విద్యార్థిని ఏమేమి చెప్పుచున్నదో ఒక్కొక్కటిగా వేరు కాగితముపై వ్రాసితిమి. పది అర్థములు తేలినవి. మల్లినాథుడు గొప్ప వ్యాఖ్యాత (1). రఘువంశమునకు సంజీవని వ్రాసెను (2). పదములను శ్లోకమున నున్న వరుసలో గాక అన్వయక్రమమున వివరించెను (3). అందువలన విద్యార్థులకు సులభము (4). అమరకోశమును, పాణినిసూత్రములను చూపును (5). అది తాను చెప్పిన అర్థమునకు ఆధారము కొరకు (6). అన్ని పదములకును చూపడు, అవసరమైన చోటనే చూపును (7). అందువలన వ్యాఖ్య మరీ పెద్దది కాదు (8). పాఠశాలలలో దానినే ఎక్కువగా చదువుదురు (9). ఆ చదువుటకు కారణ మిది యని ఒక ఊహ (10).

ఈ పట్టికను నా మొదటి సవరణ ప్రక్కన పెట్టి చూడగా నాకు సిగ్గు కలిగినది. నాలుగవ అర్థము, ఏడవ అర్థము పూర్తిగ లోపించినవి. "మరీ పెద్దది కాదు" అనుటకును "సంక్షిప్తము" అనుటకును భేదమున్నది; అతివిస్తరము కానిదంతయు సంక్షిప్తము కాదు. "ఎక్కువగా" అను మాట "ఏకైక" మైనది. "అనిపిస్తుంది" అను ఊహ "ఉన్నందున" అను నిశ్చయహేతు వైనది. "కోశవ్యాకరణాది" అనుచోట నేను వేసిన "ఆది" శబ్దము, ఆమె చూడని ప్రమాణములను ఆమె చూచినట్లు చెప్పినది. అన్నిటికంటె సూక్ష్మమైన తప్పు మరియొకటి. సమాసపు వేగములో "రఘువంశానికి" అను మాట జారిపోయినది. మల్లినాథుని కుమారసంభవవ్యాఖ్యకును, మేఘసందేశవ్యాఖ్యకును గూడ సంజీవని యనియే పేరు. ఒక గ్రంథమును గూర్చి ఆమె చెప్పిన మాట మూడు గ్రంథములకు ప్రాకినది. పదింటిలో చెడక మిగిలినవి రెండు మూడు మాత్రమే.

ఈ పట్టిక వ్రాయునపుడు ఒక విషయము తప్పక గమనింపవలెను. అర్థముయొక్క పరిమాణమును నిర్ణయించునవి సాధారణముగ చిన్నమాటలు: మరీ, ఎక్కువగా, కూడా, అన్ని, చోటే, అనిపిస్తుంది. నామపదములను మార్చినపుడు కలుగు హానికంటె ఈ చిన్నమాటలను విడిచినపుడు కలుగు హాని ఎక్కువ. పెద్దమాటలను కూర్చు ఉత్సాహమున మొట్టమొదట జారిపోవునవియు ఇవియే. కావున వీనిక్రింద గీతలు గీసికొని, సవరణ ముగిసినపిదప ఒక్కొక్కటి యెక్కడ నున్నదో వెదకవలెను.

రెండవ పని సందేహస్థలములను విద్యార్థినే అడుగుట. దీనికి పాఠశాలలో మనము శ్లోకములకు చేయు ఖండాన్వయపద్ధతియే చాలును. క్రియను పట్టుకొని, ఎవరు, దేనిని, ఎందువలన అని ప్రశ్నించుచు పోవలెను. ఆకాంక్ష తీరని చోటెల్ల ఒక సందేహమున్నట్లు. ఈ పేరాలో అట్టివి మూడు దొరికినవి.

చివరి వాక్యమున "అందుకే" అను మాట దేనిని పరామర్శించును? దాని ముందున్న "మరీ పెద్దగా ఉండదు" అను వాక్యమునొక్కదానినా, పైన చెప్పిన అన్వయపద్ధతిని కూడనా? నా అంతట నేను నిర్ణయించినచో సగము అవకాశముతో తప్పు వ్రాయుదును. అడుగగా, "రెండూ కలిపేనండీ" అని చెప్పినది. ఇక "అనిపిస్తుంది" అను ఊహ దేనిపై ప్రసరించును? ఎక్కువగా చదువుదురనుట ఊహయా, చదువుటకు కారణ మిది యనుట ఊహయా? "చదవడం నేను చూశానండీ, కారణమే నా ఊహ" అని సమాధానము వచ్చినది. తొమ్మిదవ అర్థమును పదవ అర్థమును నేను ముందే వేరుచేసి వ్రాసినను, ఊహ యెక్కడ ఆగునో ఆమె చెప్పిన తరువాతనే నాకు నిశ్చయముగ తెలిసినది. మూడవది "చాలా గొప్ప వ్యాఖ్యాత" అను మొదటి వాక్యము. దానికి పేరాలో ఎచటను ఉపపత్తి లేదు. అయినను అది ఆమె అభిప్రాయము; అడుగక తీసివేయుట నాకు తగదు. ఆమె నవ్వి, "ఏదో మొదలుపెట్టాలని రాశానండీ" అన్నది. అప్పుడు దానిని తొలగించితిమి.

మూడవ పని అర్థక్రమము. ప్రధానమైన అర్థమును ముందు నిలుపవలెనని కౌటిల్యుని నిర్ణయము. ఈ పేరాలో ప్రధానార్థ మేది? మల్లినాథుని గొప్పతనము కాదు, పాఠశాలలలో చదువుట కూడ కాదు. అన్వయక్రమమున అర్థము చెప్పుట, అవసరమైనంత మేరకే ఆధారము చూపుట అను రెండు లక్షణములు ప్రధానము. తక్కినవన్నియు ఈ రెంటికి ఫలములు. విద్యార్థిని రెండు లక్షణములను పట్టుకొనినది కాని, అవి రెండని తనకే తెలియలేదు. రెంటిని "ఇంకా" అను మాటతో అతికినది. ఆ రెంటిని పేరా మొదటనే రెండని చెప్పినచో, క్రొత్త అర్థమేదియు చేరదు, చదువువానికి మాత్రము దారి కనబడును. అయితే "రెండు లక్షణాలున్నాయి" అని వ్రాసినచో మూడవది లేదనిన అర్థము వచ్చునేమో యని శంకించి, "గమనించవచ్చు" అని వ్రాసితిమి.

నాలుగవ పని సంబంధము. విడివిడిగా నున్న వాక్యములను ఎక్కడ కలుపవచ్చును, ఎక్కడ కలుపరాదు? నియమము సులభము. ఆమె తానే కార్యకారణసంబంధము చెప్పిన చోట కలుపవచ్చును. ఆమె చెప్పని చోట మనము కల్పింపరాదు. "అన్ని పదాలకూ చెప్పరు, అవసరం ఉన్నచోటే చెప్తారు, అందుకే మరీ పెద్దగా ఉండదు" అను మూడు వాక్యములు ఒకే హేతువాక్యము, వానిని కలిపితిమి. కాని అన్వయక్రమమున చెప్పుటకును, అమరకోశమును చూపుటకును నడుమ ఆమె ఏ సంబంధమును చెప్పలేదు. అచట "కావున" అనియో "తద్ద్వారా" అనియో వేసినచో వాక్యము నునుపుగా నుండును, అబద్ధముగ గూడ నుండును.

మాటల మార్పిడి ఐదవ పని; దానిని చివరకే ఉంచవలెను. ఆమె పేరాలో "చెప్పు" ధాతువు ఏడుసార్లు వచ్చినది. అది వినుటకు మోటుగా నుండుటకు కారణము మాట చిన్నదగుట కాదు. ఒకే మాట రెండు పనులు చేయుచున్నది. మూడుచోట్ల అర్థము వివరించుట అనియు, నాలుగుచోట్ల ఆధారము చూపుట అనియు దాని భావము. మొదటిదానికి "చెప్పడం" అనియే ఉంచి, రెండవదానికి "చూపడం" అని వేసితిమి. "చూపడం" కంటె సులభమైన తెలుగుమాట యేమున్నది? అయినను రెండర్థములు విడివడగానే వాక్యమునకు శాస్త్రవ్యాసపు నిలకడ వచ్చినది. ఇది నాకు నిజముగా క్రొత్తపాఠము. నేను మొదట "ఆవిష్కరణం", "పరిపుష్టం" అని వెదకినది ఈ మోటుతనమును పోగొట్టుటకే. అది పోయినది "చూపు" అను మాటతో. ఇక "ఊరికే", "చెప్పుకుంటూ పోలేదు", "ఎందుకు చెప్తారంటే" అనునవి సంభాషణకు చెందిన పలుకుబళ్లు, వానిని తొలగించితిమి. "అన్వయం" అందరెరిగిన శాస్త్రపదము గనుక అట్లే నిలిచినది.

ఇట్లు దిద్దిన పేరా యిది:

"రఘువంశానికి మల్లినాథసూరి రచించిన సంజీవని వ్యాఖ్యలో రెండు లక్షణాలను గమనించవచ్చు. మొదటిది, శ్లోకంలోని పదాలకు అవి ఉన్న వరుసలో కాక, అన్వయక్రమంలో అర్థం చెప్పడం. దీనివల్ల శ్లోకం విద్యార్థులకు సులభంగా అర్థమవుతుంది. రెండవది, తాను చెప్పిన అర్థానికి ఆధారంగా అమరకోశాన్ని, పాణిని సూత్రాలను కూడా చూపడం. అయితే ఈ ఆధారాలను అన్ని పదాలకూ కాక, అవసరమైన చోటనే చూపినందువల్ల వ్యాఖ్య అతిగా విస్తరించలేదు. పాఠశాలల్లో ఈ వ్యాఖ్యనే ఎక్కువగా చదవడానికి ఈ లక్షణాలు కారణం కావచ్చు."

పదకొండు వాక్యములు ఆరైనవి. తొలగించిన మొదటి అర్థము గాక తక్కిన తొమ్మిదియు నిలిచియున్నవి. గీతలు గీసిన చిన్నమాటలను వెదకితిమి: "మరీ" అనునది "అతిగా" అయినది, "కూడా", "అన్ని", "చోటనే", "ఎక్కువగా" ఉన్నవి, "అనిపిస్తుంది" అను ఊహ "కావచ్చు" అను మాటలో, కారణమునకు మాత్రమే అంటి యున్నది. నేను ఆ చివరి వాక్యమున మొదట "ఈ లక్షణాలే కారణం కావచ్చు" అని వ్రాసితిని. అవధారణార్థకమైన ఆ ఏకారము ఇతరకారణములు లేవని చెప్పును, కావున కొట్టివేసితిని. ఒక్క అచ్చుతో గూడ అర్థము మారును.

ఈ పేరా ఆధునికశిష్టవ్యవహారములోనే యున్నదని పాఠకులు గమనించియుందురు. నేను గ్రాంథికమున వ్రాయుట నా అభ్యాసము. విద్యార్థిని తన వ్యాసమంతయు వ్యవహారభాషలో వ్రాయుచున్నపుడు ఒక పేరాకు మాత్రము "చెప్పెను, చూపెను" అని రూపములు మార్చినచో అది వేషము మార్చుటయే. భాషాశైలి యేదైనను అర్థక్రమసంబంధములు కుదిరినపుడే వ్యాసము శాస్త్రీయముగ నుండును.

పరీక్షించుట కింకొక ఉపాయము కలదు. దిద్దిన పేరాను విద్యార్థి చేతికిచ్చి, పాతపేరాను దాచి, ప్రతివాక్యమునకును "ఇది నీకెట్లు తెలిసినది?" అని అడుగవలెను. తడుముకొనిన చోట మన చేయి పడినదని గ్రహింపవలెను. ఆ అమ్మాయి ఒక్కచోట తప్ప అన్నింటికిని వెంటనే సమాధానము చెప్పినది. "అవసరమైన చోటనే" అనుదానికి ఉదాహరణ మడుగగా కొంతసేపు ఆలోచించి, గ్రంథము తెరచి, మొదటి శ్లోకమున "పితరౌ" అను పదమునకు మల్లినాథుడు తల్లియు తండ్రియు అని విగ్రహము చెప్పి, ఏకశేషమునకు పాణినిసూత్రమును (1-2-70), ఆ పదరూపమునకు అమరమును చూపెనని చూపినది. ఒకే పదము రెండర్థములకు నిలుచుచోట ఆధారము కావలసివచ్చినదని ఆమె వివరణము. ఇది మంచి ఉదాహరణము. కాని దీనిని నేను పేరాలో చేర్చలేదు. ఆమెనే మరియొక పేరాగా వ్రాసికొమ్మంటిని. హేతూదాహరణములతో నిండియుండుట కౌటిల్యుడు చెప్పిన పరిపూర్ణతలోని భాగమే. అయినను క్రొత్త విషయమును చేర్చుట రచయిత పని, దిద్దువాని పని కాదు. దిద్దువాడు అంచున ప్రశ్న వ్రాయవచ్చును, సమాధానము వ్రాయరాదు.

ఈ పద్ధతికి హద్దులున్నవి. పేరాలో విడదీయగా రెండు మూడు అర్థములైనను తేలనిచో, అది భాషాదోషము కాదు. విద్యార్థి ఇంకను గ్రంథము చదువవలెను. అట్టి పేరాను నునుపు చేయుట పరీక్షకుని మోసగించుటయే. అర్థములు పరస్పరము విరోధించినచో గూడ మనము సర్ది వ్రాయరాదు. ఆ విరోధమును విద్యార్థికి చూపవలెను. కాలము గూడ ఎక్కువ పట్టును. నా మొదటి సవరణకు పది నిమిషములు చాలినవి. రెండవదానికి గంటకు పైగా పట్టినది. వ్యాసమంతయు ఇట్లు దిద్దుట ఏ అధ్యాపకునకును సాధ్యము కాదు. ఒక్కొక్క విద్యార్థితో రెండు మూడు పేరాలు కూర్చుండి దిద్దినచో, తక్కినవి వారే దిద్దుకొందురు. ఆ అమ్మాయి తక్కిన అధ్యాయములను అట్లే దిద్దుకొని వచ్చినది.

మల్లినాథుడు తన వ్యాఖ్యారంభమున, మూలము లేనిది వ్రాయననియు, అపేక్ష లేనిది పలుకననియు ప్రతిజ్ఞ చేసినాడు. దశాబ్దములుగ ఆ ప్రతిజ్ఞను పాఠము చెప్పిన నేను, ఆయనను గూర్చి వ్రాసిన పేరాలోనే దానిని రెండు విధముల తప్పితిని. "సకలశాస్త్రపారావారపారీణుడు" అనునది ఆ విద్యార్థిని పేరాలో మూలము లేనిది. "విరాజిల్లుతున్నది" అనునది ఎవరును అపేక్షింపనిది. నాటినుండి నేను విద్యార్థుల కాగితములు దిద్దునపుడు ఎఱ్ఱసిరాకు ముందు పెన్సిలు తీసి, అంచున అర్థముల సంఖ్యలు వేసికొనుచున్నాను.